వెయిట్‌లిఫ్టర్‌కు జీతం ఎవరిస్తారు? ఉపకారవేతనం, స్పోర్ట్స్ కోటా, స్పాన్సర్‌షిప్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడకు వెయిట్‌లిఫ్టర్ల ఊరని పేరు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచిన మత్స సంతోషిది ఆ ఊరే. అలాంటి ఊళ్లలో బరువులెత్తడం మొదలుపెట్టిన పిల్లల తల్లిదండ్రుల మనసులో ఉండేది ఒకటే ప్రశ్న: దీంతో బతుకు గడుస్తుందా? వాళ్లు అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఉదాహరణలు వెయిట్‌లిఫ్టింగ్‌వి అయినా అథ్లెటిక్స్, బాక్సింగ్, ఆర్చరీ, రోయింగ్ వంటి ఆటల్లోనూ దారి దాదాపు ఇదే.

వెయిట్‌లిఫ్టింగ్ ఆడేవాళ్లకు డబ్బు అసలు ఎక్కడి నుంచి వస్తుంది?

పోటీల నుంచి మాత్రం కాదు. టికెట్లు కొని చూసే ప్రేక్షకులు, టీవీ హక్కులు, వేలంపాటలు ఈ ఆటకు లేవు. కబడ్డీకి 2014లో ప్రొ కబడ్డీ లీగ్ వచ్చి ఆటగాళ్ల ఆదాయాన్ని మార్చింది. బరువులెత్తే ఆటకు అటువంటిది రాలేదు. అందుకే ఇక్కడ ఆదాయం వయసును బట్టి మారుతుంది. పదమూడు పద్నాలుగేళ్ల నుంచి ఇరవై దాకా హాస్టల్, ఉపకారవేతనం ఆదుకుంటాయి. పద్దెనిమిది నుంచి పాతిక మధ్య ఉద్యోగం సంపాదించుకోవాలి. స్పాన్సర్ వచ్చేది, వస్తే, ఆ తర్వాతే. చాలామంది ఈ వరుసను తిరగేసి స్పాన్సర్ కోసం ముందు వెతుకుతారు, విలువైన రెండు మూడేళ్లు అందులో పోతాయి.

ఖేలో ఇండియాకు ఎంపికైతే ఏడాదికి ఆరు లక్షలు ఇస్తారట. ఆ డబ్బు మా చేతికి వస్తుందా?

మొత్తం రాదు. ఖేలో ఇండియా అథ్లెట్‌గా ఎంపికైన ఒక్కొక్కరిపై ఏడాదికి 6.28 లక్షల రూపాయలు కేటాయించేలా పథకాన్ని రూపొందించారు. అందులో 1.20 లక్షలు, అంటే నెలకు 10 వేలు, క్రీడాకారుల సొంత ఖర్చులకు బ్యాంకు ఖాతాలో పడే భత్యం. మిగిలిన 5.08 లక్షలు శిక్షణ, వసతి, భోజనం, పరికరాలు, పోటీలకు ప్రయాణం, చదువు, బీమా వంటి వాటికి అకాడమీ ద్వారా ఖర్చవుతుంది.

ఈ తేడా తెలియక కొన్ని ఇళ్లలో ఆరు లక్షలు వస్తాయని అప్పులు చేస్తారు. నెలకు పదివేలు చిన్న మొత్తం కాదు. కానీ అది గుర్తింపు పొందిన అకాడమీలో ఉంటూ సాధన చేసే పిల్లలకు పైఖర్చుల కోసం ఇచ్చేది. ఇల్లు నడపడానికి సరిపోదు. పైగా ప్రతిభ పెరుగుతోందో లేదో ఎప్పటికప్పుడు చూస్తారు. ప్రదర్శన పడిపోతే జాబితా నుంచి పేరు తీసేస్తారు. ఏడాదిపాటు మోకాలి నొప్పితో సాధన మానేసినవాళ్లకు ఈ దెబ్బ ముందు తగులుతుంది. కాబట్టి గాయమైతే వైద్య పత్రాలతో అకాడమీకి వెంటనే రాతపూర్వకంగా తెలియజేయాలి. పోటీకి ఎందుకు రాలేదో తర్వాత నోటిమాటగా చెబితే నిలబడదు.

టాప్స్ అనేది వేరే పథకమా?

వేరే. టార్గెట్ ఒలింపిక్ పోడియం స్కీమ్‌కు పొట్టిపేరే టాప్స్. ఒలింపిక్ పతకం తెచ్చే అవకాశం ఉన్నవాళ్ల కోసం కేంద్రం 2014లో మొదలుపెట్టింది. కోర్ గ్రూపులో ఉన్నవాళ్లకు నెలకు 50 వేలు, డెవలప్‌మెంట్ గ్రూపులో ఉన్నవాళ్లకు 25 వేలు భత్యంగా ఇస్తూ వచ్చారు. విదేశీ శిక్షణ ఖర్చు అదనం. టోక్యో ఒలింపిక్స్‌కు ముందు మీరాబాయి చాను అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో శిక్షణ తీసుకున్నది దీని సాయంతోనే. దీనికి దరఖాస్తు చేసుకుని ఎదురుచూడటంలో అర్థం లేదు. అంతర్జాతీయ ఫలితాలు చూసి వాళ్లే ఎంపిక చేస్తారు.

వీటిలో దేనికీ ఎంపిక కాని పిల్లల సంగతేమిటి?

క్రీడా పాఠశాలలు ఉన్నాయి. తెలంగాణలో హకీంపేట, ఆంధ్రప్రదేశ్‌లో కడప క్రీడా పాఠశాలల్లో చదువు, తిండి, శిక్షణ ఒకేచోట దొరుకుతాయి. ఎంపిక చిన్న తరగతుల్లోనే జరుగుతుంది కాబట్టి పదో తరగతి దాటాక ఈ తలుపు మూసుకుపోయినట్టే. ఆ తర్వాత స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా శిక్షణ కేంద్రాలు ఉంటాయి.

ఇంజనీరింగ్ వంటి వృత్తివిద్యా కోర్సుల్లో మన రెండు రాష్ట్రాల్లోనూ అర శాతం సీట్లు క్రీడాకారులకు ఉంటాయి. డిగ్రీ చదివేవాళ్లకు ఇంకో మేలుంది. అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో గెలిచే పతకం ఉద్యోగాల కోటాలో లెక్కకు వస్తుంది. జాతీయ సీనియర్ పోటీల్లో రైల్వే, సర్వీసెస్ జట్ల వాళ్లతో తలపడి పతకం తేవడం కష్టమైనవాళ్లకు ఇది మంచి దారి. కాలేజీలో పేరుకు చేరి పరీక్షలు రాయకుండా తిరిగితే ఈ అవకాశం ఉండదు.

రైల్వే స్పోర్ట్స్ కోటా ఉద్యోగం ఎలా వస్తుంది?

దేశంలో ఇలాంటి ఆటలను ఎక్కువగా పోషిస్తున్నది రైల్వేలే. ప్రతి జోన్ ఏటా విడిగా ప్రకటన ఇస్తుంది. మనవాళ్లు సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వే ప్రకటన ఒక్కటే చూస్తుంటారు. భువనేశ్వర్, చెన్నై, కోల్‌కతా, ముంబయి జోన్లకూ దరఖాస్తు చేసుకోవచ్చు. ఒక జోన్‌లో ఆ ఏడాది వెయిట్‌లిఫ్టింగ్‌కు ఒక్క ఖాళీ కూడా లేకపోవచ్చు, పక్క జోన్‌లో రెండు ఉండవచ్చు.

ప్రకటనలో ఖాళీలను ఆటలవారీగా, మహిళలు పురుషులు విడివిడిగా ఇస్తారు. కొన్నిసార్లు ఏ బరువు విభాగం వాళ్లు కావాలో కూడా రాస్తారు. జోన్ జట్టులో ఏ విభాగంలో లోటుందో దాన్నే నింపుకుంటారు మరి. అంతర్జాతీయ సమాఖ్య 2025 జూన్ నుంచి బరువు విభాగాలను మార్చింది. మహిళల్లో పాత 49 కిలోల స్థానంలో 48 వచ్చింది. పాత సర్టిఫికెట్‌పై ఉన్న విభాగం, ఇప్పుడు మీరు పోటీపడే విభాగం వేర్వేరైతే దరఖాస్తులో రెండూ స్పష్టంగా రాయండి.

వయసు 18 నుంచి 25 మధ్య ఉండాలి. మిగతా ఉద్యోగాల్లో ఉండే వయోసడలింపు ఈ కోటాలో ఏ వర్గానికీ లేదు. ఉద్యోగం లెవెల్‌ను, అంటే వేతన మెట్టును బట్టి చదువూ, ఆటలో అర్హతా మారుతాయి. లెవెల్-1కు పదో తరగతి, లెవెల్-2, 3లకు ఇంటర్, లెవెల్-4, 5లకు డిగ్రీ ఉండాలి. జాతీయ జూనియర్, సీనియర్ పోటీల్లో మొదటి ఎనిమిది స్థానాల్లో ఉన్నా లెవెల్-1కు దరఖాస్తు చేయవచ్చు. లెవెల్-2, 3లకు మొదటి మూడు స్థానాల్లో ఉండాలి. ఏడో వేతన సంఘం లెక్కన మూలవేతనం లెవెల్-1లో 18,000, లెవెల్-2లో 19,900, లెవెల్-5లో 29,200. కరవు భత్యం, ఇంటి అద్దె భత్యం దానికి అదనం.

రాత పరీక్ష ఉండదు. మొత్తం వంద మార్కుల్లో 40 ట్రయల్స్‌కు, 50 గుర్తింపు పొందిన విజయాలకు, 10 చదువుకు. ట్రయల్స్‌లో 40కి 25 రాకపోతే పతకాలు ఎన్ని ఉన్నా అక్కడితో ఆగిపోవాలి.

ఎందుకు ఆగిపోతారో చూస్తే ఒకే కారణం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ప్రకటనకూ ట్రయల్స్‌కూ మధ్య నెలలు గడుస్తాయి. పిలుపు ఎప్పుడొస్తుందో తెలియక సాధన సడలిస్తారు. పిలుపు రాగానే రెండు వారాల్లో నాలుగు కిలోలు తగ్గించుకుని విభాగంలోకి వస్తారు. నీళ్లు, తిండి మానేసి తగ్గిన శరీరంతో, బరువును ఒక్క ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్‌లో మొదటి ప్రయత్నానికే తమ అత్యుత్తమ బరువు వేయించుకుంటారు. అది పడిపోతుంది, తర్వాతి రెండు ప్రయత్నాలూ భయంతోనే పోతాయి. ట్రయల్స్‌లో చూసేది మీ రికార్డు కాదు, ఇవాళ జట్టుకు పనికొస్తారా లేదా అన్నది. కళ్లు మూసుకుని ఎత్తగలిగే బరువుతో మొదలుపెట్టాలి.

రెండేళ్ల కిందటి పతకం చెల్లదన్నారు. నిజమేనా?

దరఖాస్తు ఏ ఆర్థిక సంవత్సరానిదో, ఆ ఏడాదితో పాటు అంతకుముందు రెండు ఆర్థిక సంవత్సరాల విజయాలనే రైల్వే లెక్కిస్తుంది. 2025-26 ప్రకటనకైతే 2023 ఏప్రిల్ 1 తర్వాతివే. ఈ ఒక్క నియమం వల్ల పోయిన ఉద్యోగాలు చాలా ఉన్నాయి కాబట్టి ఒక లెక్క వేసి చూపిస్తాను.

ఒక అమ్మాయి 2024 జనవరిలో జాతీయ జూనియర్ పోటీల్లో మూడో స్థానంలో నిలిచిందనుకుందాం. అదే ఏడాది ఇంటర్ పూర్తయింది. 2025-26 ప్రకటన నాటికి ఆమెకు పంతొమ్మిదేళ్లు, పతకం చెల్లుతుంది, లెవెల్-2కు అర్హత ఉంది. కానీ ఇంట్లో వాళ్లు, ‘ఇంకో రెండేళ్లు ఆగితే డిగ్రీ అయిపోతుంది, అప్పుడు లెవెల్-5కే పెట్టవచ్చు’ అన్నారు. ఆమె ఆగింది. 2026-27 ప్రకటనకు లెక్క 2024 ఏప్రిల్ 1 నుంచి మొదలవుతుంది. జనవరి పతకం దానికి మూడు నెలల ముందుది, కాబట్టి చెల్లదు. ఈలోగా జూనియర్ వయసు దాటి సీనియర్ విభాగంలోకి వచ్చింది. అక్కడ ఆరో స్థానమే దక్కింది. డిగ్రీ చేతికి వచ్చేసరికి ఆమె దరఖాస్తు చేసుకోగలిగేది లెవెల్-1కే.

వచ్చిన లెవెల్‌లో చేరిపొమ్మనే నేను చెబుతాను. లోపలికి వెళ్లాక పతకాలు తెస్తే పదోన్నతులు, ఇంక్రిమెంట్లు ఉన్నాయి. డిగ్రీ దూరవిద్యలో పూర్తి చేయవచ్చు. గడువు దాటిన పతకాన్ని మాత్రం మళ్లీ చెల్లేలా చేసుకోలేరు.

సర్టిఫికెట్ల విషయంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

పోటీ వేదికపై ఇచ్చే రంగుల ప్రశంసాపత్రం ఉద్యోగానికి చాలదు. కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో నిర్ణీత నమూనాలున్నాయి. అంతర్జాతీయ పోటీకి ఫారం-1, జాతీయ పోటీకి ఫారం-2, అంతర విశ్వవిద్యాలయ పోటీకి ఫారం-3, పాఠశాల జాతీయ పోటీకి ఫారం-4. ఒక్కోదానిపై సంతకం ఎవరు చేయాలో కూడా నిర్ణయించారు. ఫారం-2పై జాతీయ సమాఖ్య లేదా రాష్ట్ర సంఘం కార్యదర్శి సంతకం ఉండాలి. ఫారం-3పై విశ్వవిద్యాలయ క్రీడా విభాగం డీన్ లేదా డైరెక్టర్ సంతకం కావాలి.

అసలు చిక్కు సంఘాల చీలికలతో వస్తుంది. ఒకే ఆటకు రెండు సంఘాలు, రెండు ‘జాతీయ’ పోటీలు నడుస్తాయి. గుర్తింపు లేని సంఘం పోటీలో బంగారు పతకం వచ్చినా దరఖాస్తులో దానికి విలువ సున్నా. పోటీకి డబ్బు కట్టే ముందే ఆ సమాఖ్యకు ఆ ఏడాది కేంద్ర క్రీడాశాఖ గుర్తింపు ఉందో లేదో చూడండి. ఆట కూడా జాబితాలో ఉండాలి. కేంద్రం 2020లో ఆ జాబితాను 43 నుంచి 63 ఆటలకు పెంచింది. మల్లఖంబ్, టగ్ ఆఫ్ వార్ వంటివి అప్పుడే చేరాయి.

పోటీ ముగిసిన నెలలోపే ఫారం పూర్తి చేయించుకోవడం మంచి అలవాటు. కార్యదర్శి మారిపోతే, సంఘంలో గొడవ మొదలైతే, మూడేళ్ల కిందటి ఫలితానికి సంతకం పెట్టేవాళ్లే ఉండరు. పేరులో ఇంటిపేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో కోటా ఎంత?

ఉమ్మడి రాష్ట్రంలో 2012లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2 శాతం. ఆంధ్రప్రదేశ్ 2024 క్రీడావిధానంలో దాన్ని 3 శాతానికి పెంచింది. రైల్వేలోలా మూడేళ్ల గడువు కాక, ఇక్కడ ఏ స్థాయి పోటీలో ఏ పతకం అన్న ప్రాధాన్య క్రమమే ముఖ్యం. ఒలింపిక్స్, ప్రపంచ పోటీల నుంచి కిందికి వరుసగా చూస్తారు. సర్టిఫికెట్లను రాష్ట్ర క్రీడాప్రాధికార సంస్థ పరిశీలిస్తుంది. పరిశీలనలో తేలకపోతే ఎంపికైన పేరు కూడా తొలగిపోతుంది.

నిఖత్ జరీన్‌కు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చారు కదా, అది ఈ కోటాలోనిదేనా?

కాదు. అది ప్రభుత్వం ప్రత్యేకంగా తీసుకున్న నిర్ణయం. పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజికి తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటిస్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది కూడా అలాగే. ప్రపంచ స్థాయి పతకం ఉన్న కొద్దిమందికే ఇవి దక్కుతాయి. అయితే నిఖత్ కథలో గమనించాల్సింది ఒకటుంది. ప్రపంచ విజేత కాకముందు, 2021లోనే ఆమె బ్యాంక్ ఆఫ్ ఇండియాలో ఉద్యోగంలో చేరింది. పారిస్‌లో షూటింగ్ కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుసాలె 2015లో సెంట్రల్ రైల్వేలో చేరి, టికెట్ కలెక్టర్‌గా పనిచేశాడు. పతకం తర్వాతే అధికారి అయ్యాడు. కరణం మల్లీశ్వరి ఏళ్ల తరబడి భారత ఆహార సంస్థ ఉద్యోగి. పెద్ద పదవులకు ముందు వీళ్లను నిలబెట్టినవి ఇలాంటి సాధారణ జీతాలే.

ఉద్యోగంలో చేరాక సాధనకు సమయం ఉంటుందా?

ఫలితాలు చూపిస్తున్నంతకాలం ఉంటుంది. శిక్షణ శిబిరాలకు, పోటీలకు ప్రత్యేక సెలవులు ఇస్తారు. బదులుగా రైల్వే జట్టు తరఫునే ఆడాలి, కనీసం ఐదేళ్లు పనిచేస్తామని బాండు రాయాలి. సొంత రాష్ట్రం తరఫున ఆడే అవకాశం పోతుందని ముందే తెలుసుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ నగదు బహుమతుల నియమాలపై దీని ప్రభావం ఉండవచ్చు.

ముప్పై దాటాక ఆట ఆగిపోతుంది, ఉద్యోగానికి ఇంకా ముప్పై ఏళ్ల సర్వీసు మిగిలి ఉంటుంది. అప్పుడు పదోన్నతి శాఖాపరమైన పరీక్షలతోనే. ఆడినంతకాలం చదువును గాలికి వదిలినవాళ్లు చేరిన మెట్టు దగ్గరే ఉండిపోవడం ఎంతో బాధ కలిగిస్తుంది. ఆడే రోజుల్లోనే, శిబిరాల మధ్య ఖాళీల్లో, ఒక్కో పరీక్ష రాసుకుంటూ పోవాలి.

స్పాన్సర్ ఎలా దొరుకుతారు?

ముందు రెండు రకాల డబ్బును విడదీసి చూడాలి. ఒకటి ప్రకటన డబ్బు. కంపెనీ తన వస్తువు అమ్ముకోవడానికి మీ ముఖాన్ని, పేరును వాడుకుంటుంది. జనానికి తెలియని ఆటలో ఉన్నవాళ్లకు ఇది పతకం తర్వాత కొన్ని నెలలే దొరుకుతుంది.

రెండోది సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇందుకు ఖర్చుపెట్టాలి. గ్రామీణ, జాతీయ గుర్తింపు పొందిన, ఒలింపిక్, పారాలింపిక్ క్రీడల్లో శిక్షణ ఆ పనుల జాబితాలో ఉంది. కానీ కంపెనీ పేరు ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్‌ను ఇందులో చూపకూడదని 2021 నియమాలు స్పష్టం చేశాయి. అంటే ‘మీ లోగో నా చొక్కాపై వేసుకుంటాను, సామాజిక నిధి నుంచి డబ్బివ్వండి’ అని రాసే లేఖను కంపెనీ అధికారి ఆమోదించలేరు. ఈ నిధులు సాధారణంగా నమోదైన ట్రస్టు లేదా సొసైటీ ద్వారానే వెళ్తాయి. అందుకే ఒంటరిగా అడిగిన క్రీడాకారుడికి జవాబు రాదు, అతడి అకాడమీయో, జిల్లా సంఘమో నమోదు పత్రాలతో అడిగితే మాట ముందుకు సాగుతుంది.

ఒలింపిక్ గోల్డ్ క్వెస్ట్, గోస్పోర్ట్స్ ఫౌండేషన్, జేఎస్‌డబ్ల్యూ, రిలయన్స్ ఫౌండేషన్ వంటివి ఇలాంటి మద్దతు ఇస్తున్నాయి. వీళ్లు చేతికి డబ్బివ్వడం కన్నా ఫిజియోథెరపీ, పోషకాహారం, ప్రయాణం, కోచ్ ఖర్చులు భరించడమే ఎక్కువ. హర్డిల్స్‌లో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి భువనేశ్వర్‌లో రిలయన్స్ ఫౌండేషన్, ఒడిశా ప్రభుత్వం కలిసి నడిపిన కేంద్రంలోనే జాతీయ రికార్డుల స్థాయికి చేరింది.

ఊళ్లోని రైస్‌మిల్లు యజమాని, నగల దుకాణం వాళ్లు కూడా స్పాన్సర్లే. వాళ్లను ‘సాయం చేయండి’ అని అడిగితే రెండువేలు చేతిలో పెడతారు. ‘ఆరు నెలల్లో మూడు పోటీలున్నాయి, రైలు, గది, భోజనం కలిపి ఇంత, బెల్టు, బూట్లకు ఇంత’ అని ఒక్క కాగితంపై చూపిస్తే ఒక పోటీ ఖర్చు మొత్తం భరించేవాళ్లు దొరుకుతారు. తిరిగి వచ్చాక ఫలితం, బిల్లులు తీసుకెళ్లి చూపించాలి. రెండోసారి సాయం దాన్నిబట్టే వస్తుంది.

ఒప్పందంలో ఏ మాటలు చూసి సంతకం పెట్టాలి?

గాయపడితే చెల్లింపు ఆగుతుందా, ఎన్ని నెలలకు ఆగుతుంది? భవిష్యత్తులో వచ్చే ప్రభుత్వ బహుమతిలో, జీతంలో వాళ్లకు వాటా ఉందా? ఈ రెండూ మొదట చూడండి. రెండోదానికి ఎట్టి పరిస్థితుల్లో ఒప్పుకోకూడదు. ప్రభుత్వ ఉద్యోగంలో చేరాక వాణిజ్య ప్రకటనలకు శాఖ అనుమతి కావాలి. కాబట్టి ఉద్యోగం వస్తే ఒప్పందం ఏమవుతుందో కూడా రాసి ఉండాలి.

డోపింగ్‌కూ సంపాదనకూ సంబంధమేమిటి?

ఈ ఆటలో చాలా దగ్గరి సంబంధం. ఉద్దేశపూర్వకంగా వాడితే నాలుగేళ్ల నిషేధం. 18 నుంచి 25 మధ్య ఉద్యోగం వెతుక్కోవాల్సినవాళ్లకు నాలుగేళ్లంటే ఆ వయసులో సగానికి పైనే. పతకాలు రద్దవుతాయి, భత్యం ఆగుతుంది. గ్లాస్గోలో సంతోషికి మొదట వచ్చింది కాంస్యం. స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి పరీక్షలో పట్టుబడటంతో సంతోషిది రజతమైంది. ఆ నైజీరియా అమ్మాయికి అప్పటికి పదహారేళ్లే.

తెలియక చిక్కుకునేవాళ్లూ ఉన్నారు. జిమ్ దుకాణంలో విడిగా అమ్మే పొడులు, ఎవరో ఇచ్చిన ‘బలం’ ఇంజెక్షను, జలుబుకో నొప్పికో వైద్యుడు రాసిన మందు, ఏదైనా కారణం కావచ్చు. ఒంట్లో దొరికినదానికి బాధ్యత క్రీడాకారులదే అన్నది నియమం. కొన్న ప్రతి డబ్బాకు బిల్లు, బ్యాచ్ సంఖ్య ఫోటో తీసి ఉంచుకోండి. వైద్యుడికి ముందే క్రీడాకారులమని చెప్పండి.

పాతికేళ్లు దాటాయి, ఉద్యోగం రాలేదు. ఇప్పుడేం చేయాలి?

రైల్వే దారి మూసుకున్నా రాష్ట్ర ఉద్యోగాల ప్రకటనలకు గరిష్ఠ వయసు ఎక్కువగా ఉంటుంది. ఆ కోటాలో పాత పతకాలు పనికొస్తాయి. శిక్షకులుగా మారాలనుకుంటే పటియాలాలోని జాతీయ క్రీడాసంస్థ ఏడాది డిప్లొమా ఉంది. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది. ప్రభుత్వ కోచ్ పోస్టులకు, పేరున్న అకాడమీలకు డిప్లొమానే అడుగుతారు. ఆరు వారాల కోర్సు పాఠశాలలు, వ్యాయామశాలల్లో పనికి సరిపోతుంది. డిప్లొమా ప్రవేశానికి కూడా జాతీయ స్థాయిలో ఆడిన రుజువు కావాలి కాబట్టి పాత ఫారం-2లను పారేయకండి.

ఆడి, ఇప్పుడు పేదరికంలో ఉన్నవాళ్లకు, వైద్యం అవసరమైనవాళ్లకు పండిట్ దీనదయాళ్ ఉపాధ్యాయ జాతీయ క్రీడాకారుల సంక్షేమ నిధి నుంచి సాయం అందుతుంది. అంతర్జాతీయ పతకాలు గెలిచినవాళ్లకు వేరే పింఛను పథకం ఉంది. ముప్పై ఏళ్లు నిండి, ఆట మానేశాక దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ రెండింటికీ కేంద్ర క్రీడాశాఖకే దరఖాస్తు చేయాలి. పతకం గెలిచిన ఎంతోమంది పల్లెటూరి ఆటగాళ్లు వీటి పేరు కూడా వినలేదు. మీ ఊళ్లో అలాంటివాళ్లుంటే దరఖాస్తు నింపడంలో సాయపడండి.